కుర్చీలు సరిపోయినా చోటు దొరకదెందుకు?

ఏటా జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో ఒక శని, ఆదివారాలు బ్రస్సెల్స్‌లోని యూఎల్‌బీ విశ్వవిద్యాలయ ప్రాంగణం కిటకిటలాడుతుంది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు వేల సంఖ్యలో కలిసే ఆ సదస్సు పేరు ఫాస్‌డెమ్. ప్రవేశం ఉచితం, పేరు నమోదు కూడా అక్కర్లేదు. ఎవరికి నచ్చిన ప్రసంగానికి వాళ్లు వెళ్లొచ్చు. జాన్సన్ అనే పెద్ద ఆడిటోరియంలో సుమారు 1400 మంది పడతారు. కొన్ని తరగతి గదుల్లో వంద మందికీ చోటుండదు. గది నిండితే తలుపు మీద ‘ఫుల్’ అనే కాగితం వెలుస్తుంది. ఆ తర్వాత లోపలి నుంచి ఒకరు వస్తేనే బయటివాళ్లలో ఒకరికి దారి.

ఒకేసారి అనేక ప్రసంగాలు నడిచే ఏ సదస్సుకైనా ఈ చిక్కు తప్పదు. మొత్తం కుర్చీలు ఎన్నో చూసుకుని నిర్వాహకులు నిశ్చింతగా ఉంటారు. తీరా చూస్తే ఒక గది బయట జనం బారులు తీరి ఉంటారు, పక్క హాల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. సదస్సుకు 900 మంది వచ్చారు. గదులు నాలుగు: 500, 200, 120, 80 కుర్చీలవి. కూడితే సరిగ్గా 900. ఉదయం పదకొండు గంటలకు నాలుగు ప్రసంగాలున్నాయి. వాటిని కోరుకున్నవాళ్లు వరుసగా 380, 290, 150, 80 మంది. ఎక్కువమంది కోరినదాన్ని పెద్ద గదిలో పెట్టారు, అంటే గదుల కేటాయింపులో తప్పేమీ లేదు. అయినా రెండో గది దగ్గర 90 మంది, మూడో గది దగ్గర 30 మంది వెనుదిరుగుతారు. పెద్ద హాల్లో మాత్రం 120 కుర్చీలు ఖాళీ.

ఇక్కడ గదులు మార్చి లాభం లేదు, వేళలు మార్చాలి. పెద్ద హాల్లో పెద్దగా ఆసక్తి లేని ప్రసంగమేదైనా మధ్యాహ్నం ఉంటే, 290 మంది కోరినదాన్ని ఆ వేళకు, ఆ హాలుకు తరలించవచ్చు. వీలు కాకపోతే అదే ప్రసంగాన్ని రెండుసార్లు చెప్పించాలి. సగం మంది మధ్యాహ్నానికి ఆగితే 200 కుర్చీల గదిలో ఉదయం 145 మందే ఉంటారు. అయితే ఆగిన 145 మంది ఉదయం ఊరికే కూర్చోరు. వాళ్లు పెద్ద హాలు వైపు వెళ్తే చాలావరకు సర్దుకుంటారు. మూడో గది వైపు మళ్లితే మాత్రం అక్కడి ఇరుకు ఇంకా పెరుగుతుంది. అందుకే ప్రతినిధులను మొదటి ఎంపికతో పాటు రెండో ఎంపిక కూడా అడగాలి.

అసలు 290 అన్న సంఖ్య ముందే ఎలా తెలుస్తుంది? చాలా సదస్సుల యాప్‌లలో నచ్చిన ప్రసంగానికి నక్షత్రం గుర్తు పెట్టుకోవచ్చు. కానీ ఒకే గంటలో మూడింటికి గుర్తు పెట్టిన మనిషి వెళ్లేది ఒక్కదానికే. ఆ గుర్తులన్నీ కూడితే జనం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడతారు. కాబట్టి గంటకు ఒక్కటే ఎంచుకోమనాలి. 900 మందిలో 300 మంది జవాబిచ్చి, అందులో 97 మంది ఒక ప్రసంగాన్ని ఎంచుకున్నారనుకుందాం. మూడు రెట్లు వేస్తే దాదాపు 290. జవాబివ్వనివాళ్ల అభిరుచి వేరుగా ఉండొచ్చు కనుక ఇది అంచనాయే. అందుకే కొన్ని కుర్చీలు అదనంగా ఉంచుకోవాలి.

గదుల విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. వరుసగా కుర్చీలే వేస్తే పట్టేవాళ్లు ఎక్కువ. రాసుకోవడానికి బల్లలు వేస్తే ఆ సంఖ్య బాగా పడిపోతుంది. హైదరాబాద్‌లోని హెచ్‌ఐసీసీ ప్రధాన హాలు దాదాపు 5000 మందికి సరిపోతుంది. అడ్డు గోడలు జరిపి దాన్ని ఆరు చిన్న హాళ్లుగా మార్చుకోవచ్చు. కానీ గోడ జరిపాక కుర్చీలు, తెర, మైకులు మళ్లీ అమర్చాలి. రెండు ప్రసంగాల మధ్య టీ విరామంలో అయ్యే పని కాదది. ఏ పూట ఎన్ని హాళ్లు కావాలో ముందే తేల్చుకోవాలి.

నిర్వాహకులు తరచూ పొరబడేది మరుసటి ఏడాది లెక్కల దగ్గర. 120 కుర్చీల గదిలో తలలు లెక్కపెట్టి ‘120 మంది వచ్చారు’ అని రాసుకుంటారు. నిజానికి 150 మంది వచ్చి ఉండొచ్చు, 400 మందీ వచ్చి ఉండొచ్చు. గది నిండాక ఆ లెక్క కుర్చీలు ఎన్నో చెబుతుంది తప్ప, ఎంతమంది కోరుకున్నారో చెప్పదు. దాన్ని నమ్మి మళ్లీ అదే గది ఇస్తే ఇరుకూ మళ్లీ అదే. నిండని గదుల లెక్కలను మాత్రం నమ్మవచ్చు.

సదస్సు నిర్వహించేవాళ్లు ప్రతి తలుపు దగ్గర ఒక వాలంటీరును నిలబెట్టి రెండు అంకెలు రాయించాలి. ప్రసంగం మొదలైన పది నిమిషాలకు లోపల ఎంతమంది ఉన్నారన్నది మొదటిది. చోటు లేక ఎంతమంది వెనక్కి వెళ్లారన్నది రెండోది. వచ్చే ఏడాది గదుల కేటాయింపు ఈ రెండో అంకెతోనే మొదలుపెట్టాలి.