‘అలాగే’ అనే మాట తీసేశాక

2025 మార్చి 30, ఆదివారం, ఉగాది. పొద్దున పదకొండింటికి నా స్నేహితురాలికి ఫోన్లో శుభాకాంక్షలు రాద్దామని కూర్చున్నాను. తనది గుంటూరు వైపు హిందూ కుటుంబం, వాళ్లాయనది హైదరాబాద్ పాతబస్తీ ముస్లిం కుటుంబం. పెళ్లయి ఆరేళ్లు. ఆ ఏడు పండక్కి తన అమ్మానాన్నలు కూడా హైదరాబాద్‌లోనే ఉన్నారు. ‘ఉగాది శుభాకాంక్షలే! విశ్వావసు నామ సంవత్సరంలో మీకన్నీ మంచి రుచులే దక్కాలి. అందరూ పచ్చడి తిన్నారా? బొబ్బట్లు అయ్యాయా? అలాగే మీ ఆయనకి రంజాన్ శుభాకాంక్షలు’ అని రాసి, పంపబోయి ఆగాను.

ఆపింది ‘అందరూ పచ్చడి తిన్నారా’ అన్న ముక్క. ఆ రోజు రంజాన్ నెలలో 29వ రోజా. మన దేశంలో ఆ ఏడు ఉపవాసాలు మార్చి 2న మొదలయ్యాయి. అంటే ఆ ఇంట్లో కనీసం ముగ్గురు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉన్నారు. నేనేమో తిన్నారా అని అడుగుతున్నాను.

ఈ రెండు పండుగలూ ఇలా పక్కపక్కన పడటానికి కారణం చంద్రుడే. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అమావాస్య దాటిన మర్నాడు. రంజాన్ పండుగ షవ్వాల్ నెల మొదటి రోజు, నెలవంక కనిపించిన మర్నాడు. రెండూ ఒకే అమావాస్యని ఆనుకుని వచ్చాయంటే మధ్యలో ఒకటి రెండు రోజులే తేడా. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాన్. 2025లో మార్చి 30, 31. 2026లో మార్చి 19న ఉగాది, దాని వెంటే రంజాన్. పన్నెండు చాంద్రమాన నెలలు కలిపితే 354 రోజులే కాబట్టి ఉగాదికీ రంజాన్‌కీ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరగాలనే ఉంటుంది. మన పంచాంగం మాత్రం రెండు మూడేళ్లకోసారి అధికమాసం వేసి ఉగాదిని మళ్లీ ఎండాకాలం ముంగిట్లోకి లాక్కొస్తుంది. ఇస్లామీ క్యాలెండర్‌లో అధికమాసం లేదు.

ఇదంతా ఎందుకంటే, ఒకే రోజు ఒక పండుగ వచ్చేసి, రెండోది ఇంకా దారిలోనే ఉన్న ఇల్లు అది. మార్చి 30 పొద్దున ‘ఈద్ ముబారక్’ అంటే తొందర పడినట్టే. సాయంత్రం నెలవంక కనిపించకపోతే ముప్ఫయ్యో రోజా కూడా ఉండాల్సిందే, పండుగ ఇంకో రోజు జరుగుతుంది. ‘రంజాన్ ముబారక్’ నెల మొదట్లో చెప్పే మాట. పండుగకైతే ‘ఈద్ ముబారక్’. మనం పండుగనే రంజాన్ అంటాం కాబట్టి రంజాన్ శుభాకాంక్షలన్నా ఎవరూ తప్పు పట్టరు. కానీ ఇంట్లో వాళ్లు అనుకునే మాటే మన నోటినుంచి వస్తే ఆ తీరే వేరు.

అసలు తప్పు ఆ చివరి వాక్యంలో ఉంది. ఉగాదికి సంవత్సరం పేరు, రుచులు, పచ్చడి, బొబ్బట్లు. రంజాన్‌కి ఒక్క ‘అలాగే’. రాసేటప్పుడు నాకు తెలియలేదు. నాకు తెలిసిన పండుగ గురించి చేయి దానంతటదే రాసుకుపోయింది, తెలియని చోట ముడి వేసి ఊరుకుంది. ‘కూడా’, ‘అలాగే’, ‘తోపాటు’ అన్న మాటలు తెలుగులో అమాయకంగా కనిపిస్తాయి గానీ, ఎవరు ముందో ఎవరు తోకో చెప్పేస్తాయి. పైగా ఉగాది నీది, రంజాన్ మీ ఆయనది అని పంచేశాను. ఆరేళ్లుగా రెండూ ఆ ఇంటివే.

దిద్దుదామని కూర్చుంటే రెండో రకం తప్పులు తన్నుకొచ్చాయి. ‘మతసామరస్యానికి మీ జంటే ఆదర్శం’ అని రాసి కొట్టేశాను. వాళ్లు గ్యాస్ సిలిండర్ ఎవరు బుక్ చేయాలని పోట్లాడుకునే మామూలు మొగుడూపెళ్లాలు. పండగపూట వాళ్ల చేతికి జెండా ఇచ్చి నిలబెట్టడం దేనికి? ‘హలీం ఎప్పుడు పెడతారు’ అనీ రాశాను. హైదరాబాద్‌లో హలీం రంజాన్ నెల సాయంత్రాలది, రోజా విప్పాక తినేది. పండుగ పొద్దుటి వంట షీర్ ఖుర్మా. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. నేతిలో వేయించిన సేమ్యా ఉంటుంది కాబట్టి మనం సేమ్యా పాయసం అనేస్తాం, కానీ పేరులో ఉన్నది ఖర్జూరమే.

ఇంకోటి, ‘ప్రసాదం’ అన్న మాట. నైవేద్యం పెట్టినది తినని ముస్లింలు కొందరుంటారు, పట్టించుకోని వాళ్లూ ఉంటారు. మనకి తెలియనప్పుడు పచ్చడిని పచ్చడి అంటే చాలు. మా స్నేహితురాలి తల్లి ఈ సంగతి నాకన్నా ముందే కనిపెట్టారు. దేవుడి దగ్గర పెట్టడానికి ముందే ఒక చిన్న స్టీలు గిన్నెలోకి పచ్చడి తీసి, మూత పెట్టి, అల్లుడు రోజా విప్పే వేళకి పక్కన ఉంచారట. అప్పటికి వేపపువ్వు నాని చేదంతా పులుసులోకి దిగింది. ఖర్జూరంతో రోజా విప్పి, ఆ పచ్చడి నోట్లో వేసుకుని అల్లుడు, ‘అత్తయ్యా, ఆరు రుచుల్లో నా వాటాకి ఒకటే మిగిల్చారు’ అన్నాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

చివరికి పొద్దున పంపడమే మానేశాను. సాయంత్రం నెలవంక కబురు వచ్చాక ఇలా రాశాను:

‘విశ్వావసు వచ్చేసింది, నెలవంకా కనిపించింది. పిన్నికీ బాబాయికీ ఉగాది శుభాకాంక్షలు. అమ్మీకీ అబ్బాకీ ఈద్ ముబారక్. మీ ఇద్దరికీ రెండూ. పిన్ని బొబ్బట్లలో రెండు, అమ్మీ షీర్ ఖుర్మా ఒక గిన్నెడు నాకు దాచు, మంగళవారం వస్తాను. బుజ్జిదానికి నా తరఫున ఈదీ నువ్వే ఇచ్చెయ్, నా దగ్గర వసూలు చేసుకుందువు గాని.’

అమ్మీ, అబ్బా అన్నది మా స్నేహితురాలు అత్తమామల్ని పిలిచే పిలుపు. తన అమ్మానాన్నలు నాకు చిన్నప్పటినుంచీ పిన్నీ బాబాయిలే. ఆ వరసలు నాకు తెలుసు కాబట్టి వాడాను. తెలియకపోతే ‘మీ రెండిళ్ల పెద్దవాళ్లకీ’ అంటే సరిపోయేది. కానీ అందరికీ ఈ మెసేజ్ పనికిరాదు. నాకు తెలిసిన ఇంకో జంట ఉంది. అక్కడ అబ్బాయి తండ్రి పెళ్లయినప్పటినుంచీ గడప తొక్కలేదు. వాళ్లకి ‘మీ రెండిళ్ల పెద్దవాళ్లకీ’ అని రాస్తే పండగపూట పుండు రేపినట్టే. అక్కడ పెద్దల ఊసు లేకుండా, ఆ ఇద్దరికే రెండు పండుగలూ చెబుతాను.

ఆ రాత్రి పదిన్నరకి జవాబు వచ్చింది. ఫోటో ఒకటి, కింద మాట ఒకటి. ఫోటోలో పిన్ని, అమ్మీ వంటింట్లో నేలమీద కూర్చుని గింజలు తీసిన ఖర్జూరాల్ని సన్నగా తరుగుతున్నారు. వెనక గుమ్మానికి పొద్దున కట్టిన మామిడాకులు వాడిపోయి ఉన్నాయి. కింద మాట: ‘ఈదీ ఐదొందలు ఇచ్చాను, గుర్తుపెట్టుకో.’

2026లో జ్యేష్ఠం అధికమాసంగా వచ్చింది గనక 2027లో ఉగాది ఏప్రిల్ 7కి వెళ్తుంది, రంజాన్ మార్చి రెండో వారంలోనే వస్తుంది. మళ్లీ ఈ రెండూ ఇలా పక్కపక్కన పడాలంటే ముప్ఫయ్యేళ్ల పైనే పడుతుంది. ఇక నుంచి రెండు మెసేజ్‌లు రాయాలి, రెండోదాంట్లో ‘అలాగే’ దూరే ప్రమాదం లేదు గానీ, అసలు మర్చిపోయే ప్రమాదం ఉంది. అందుకే మా ఇంటి క్యాలెండర్‌లో ఉగాదిని పెన్నుతో, రంజాన్‌ని పెన్సిల్‌తో గుర్తుపెట్టుకున్నాను.