బస్సు అరగంటకొకటి, మరి మనం ఇంతసేపు ఎందుకు ఆగుతున్నాం?

మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్లే బస్సు కోసం మీరు కంభంలో నిలబడ్డారనుకుందాం. లెక్క కోసం, రెండు గంటల్లో నాలుగు బస్సులు అనుకోండి. అంటే సగటున అరగంటకొకటి. టైం చూసుకోకుండా వెళ్తే సగటున 15 నిమిషాలు ఆగితే చాలు కదా? చాలదు.

ఎందుకంటే బస్సులు అంత క్రమంగా రావు. లేటైన బస్సుకి ప్రతి స్టాపులో జనం ఎక్కువ పోగవుతారు, వాళ్లు ఎక్కేసరికి అది ఇంకా లేటవుతుంది. వెనక బస్సేమో ఖాళీగా వచ్చి దాన్ని అందుకుంటుంది. అలా గ్యాపులు 10, 50, 10, 50 నిమిషాలు అయ్యాయనుకోండి. సగటు ఇప్పుడు కూడా 30 నిమిషాలే.

కానీ ఆ 120 నిమిషాల్లో 100 నిమిషాలు పెద్ద గ్యాపులవే. ఆరుగురు వస్తే ఐదుగురు వాటిలోనే పడతారు, ఒక్కొక్కరు సగటున 25 నిమిషాలు ఆగుతారు. ఆరో మనిషికి 5 నిమిషాలే. మొత్తం 130, ఆరుగురికి పంచితే దాదాపు 22. దీన్నే ఇన్‌స్పెక్షన్ పారడాక్స్ అంటారు. టైం తెలుసుకుని వచ్చేవాళ్లకి మాత్రం ఈ లెక్క వర్తించదు.

అరగంటకొకటి అని కండక్టర్ చెప్పేది అబద్ధం కాదు. ఆయన బస్సుల్ని లెక్కపెడతాడు, మనం నిమిషాల్ని. అందుకే డిపోలో అడిగేటప్పుడు "రోజుకి ఎన్ని బస్సులు?" అని కాకుండా, "ఏ రెండు బస్సుల మధ్య గ్యాప్ ఎక్కువ?" అని అడగండి. ఒక్క బస్సు కూడా పెంచకుండా గ్యాపులు సమానం చేస్తే, ఆ 22 కాస్తా 15 అవుతుంది.