పని పెరిగింది, జీతం పెంచమని అడగడం ఎలా?

ఏటా ఏప్రిల్‌లో వచ్చే ఇంక్రిమెంటు వేరు, పెరిగిన బాధ్యతలకు తగ్గట్టు జీతం సవరించమని అడగడం వేరు. మొదటిది ఉన్న పనినే ఇంకో ఏడాది చేసినందుకు అందరికీ ఎంతోకొంత దక్కేది. రెండోది, ఉద్యోగమే మారిపోయింది కాబట్టి దానికి కొత్తగా విలువ కట్టమని అడగడం. ఈ రెండింటినీ కలిపేసి ‘సార్, ఈసారి కాస్త ఎక్కువ చూడండి’ అంటే, మహా అయితే ఇంక్రిమెంటు ఒకటి రెండు శాతం పెరుగుతుంది. అసలు విషయం చర్చకే రాదు.

ఓ ఉదాహరణ చూద్దాం. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో నెలకు 32,000 రూపాయల జీతానికి బిల్లుల నమోదు, బ్యాంకు లెక్కల సరిపోలిక చూసే ఉద్యోగిని ఉందనుకుందాం. నిరుడు జనవరిలో సీనియర్ ఒకరు మానేశారు. ఆ ఖాళీ నింపలేదు. ఆయన చూసే జీఎస్టీ రిటర్నులు, సిబ్బంది జీతాల పని ఈమె మీదికి వచ్చాయి. ‘కొన్నాళ్లు చూడమ్మా’ అన్న మాట ఏడాది సాగింది.

ఆమె మొదట చేయాల్సింది ఒక్క పేజీ కాగితం తయారు చేసుకోవడం. ఎడమవైపు చేరినప్పుడు అప్పగించిన పనులు, కుడివైపు ఇప్పుడు చేస్తున్నవి, ఒక్కోటి ఏ నెల నుంచి మొదలైందో. పాత పనుల్లో వేరేవాళ్లకు వెళ్లినవి ఉంటే అవీ రాయాలి. ఎందుకంటే మేనేజర్ మొదట అడిగేది అదే: ‘దాని బదులు ఇది చేస్తున్నావు కదా?’

ఆ తర్వాత రుజువులు. ‘రాత్రి ఎనిమిదింటిదాకా ఉంటున్నాను’ అంటే కష్టం తెలుస్తుందేగానీ పని విలువ తెలియదు. ప్రతి నెలా రిటర్ను వేసే సంస్థలు 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1, 20లోగా జీఎస్టీఆర్-3బీ దాఖలు చేయాలి. 15లోగా పీఎఫ్ చెల్లించాలి. గడువు దాటితే ఆలస్య రుసుము, వడ్డీ పడతాయి. పన్నెండు నెలలూ ఇవన్నీ గడువులోపే వెళ్లాయని చూపే తేదీల పట్టిక ఆమెకు బలమైన ఆధారం. ఆ తేదీలు కంపెనీ రికార్డుల్లోనే ఉంటాయి కాబట్టి ఎవరూ కాదనలేరు.

ఇక్కడో జాగ్రత్త అవసరం. జీతాల పని చూస్తోంది కాబట్టి ఎవరికెంత వస్తుందో ఆమెకు తెలుసు. ఆ సమాచారాన్ని తన వాదనకు వాడితే నమ్మకం పోతుంది, క్రమశిక్షణ చర్యకూ దారితీయొచ్చు. అంకె కోసం బయట చూడాలి. జీఎస్టీ, పేరోల్ రెండూ చూసే ఉద్యోగాలకు తమ ఊళ్లో వచ్చే ప్రకటనల్లో ఎంత ఇస్తామంటున్నారో చూసుకుని, ఒకే అంకె అనుకోవాలి. 39,000 అనుకుందాం.

ఎప్పుడు అడగాలన్నదీ ముఖ్యమే. ఏప్రిల్‌లో పెంపు లెటర్లు ఇచ్చే కంపెనీలో బడ్జెట్ అంతకుముందే ఖరారవుతుంది. లెటర్ చేతికొచ్చాక అడిగితే మేనేజర్‌కు ఇవ్వాలని ఉన్నా దారి ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో, రిటర్నుల హడావుడి లేని రోజున, ముందే అరగంట సమయం అడిగి కూర్చోవడం మేలు.

‘సార్, జనవరి నుంచి జీఎస్టీ, పేరోల్ నేనే చూస్తున్నాను. వివరాలు ఇందులో ఉన్నాయి. ఈ పనికి తగ్గట్టు నా జీతాన్ని 39 వేలకు సవరించమని అడుగుతున్నాను’. ఇంతే చెప్పి ఆగాలి. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు నిజమైన ఇబ్బందులే. కానీ అవి చెప్పగానే మాట పని మీది నుంచి సాయం మీదికి మళ్లుతుంది. మానేస్తానని బెదిరించడం కూడా, చేతిలో వేరే ఆఫర్ ఉండి నిజంగా వెళ్లగలిగితే తప్ప, వద్దు.

‘చూద్దాంలే’ అని జవాబొస్తే గొంతు పెంచక్కర్లేదు. ‘నిర్ణయం ఎవరిది సార్? ఎప్పుడు మళ్లీ కలవమంటారు?’ అని అడగాలి. బడ్జెట్ లేదంటే ఇప్పుడు కొంత, ఆరు నెలల తర్వాత మిగతాది ఇస్తారా అనొచ్చు. లేదంటే ఆ పనుల్లో ఒకటి వేరొకరికి అప్పగించమనొచ్చు. ఆ సాయంత్రమే, మాట్లాడుకున్నది నాలుగు వాక్యాల్లో మెయిల్ పెట్టాలి. మేనేజర్ మారినా ఆ మాట రికార్డులో ఉంటుంది.

సరేనన్నాక లెటర్‌లో మూడు విషయాలు చూసుకోవాలి. హోదా ఒక్కటే మారిందా, జీతం కూడా మారిందా? పెంపు ఏ తేదీ నుంచి అమలవుతుంది? పెరిగిన 7,000 నెల జీతంలోనా, సీటీసీలోనా? సీటీసీలోనైతే యజమాని వాటా పీఎఫ్, గ్రాట్యుటీ అందులోంచే పోవచ్చు. కొంత మొత్తాన్ని ఏడాది చివర ఇచ్చే వేరియబుల్‌గానూ చూపొచ్చు. అప్పుడు నెలనెలా చేతికొచ్చేది అనుకున్నదానికంటే బాగా తగ్గుతుంది. అందుకే సంతకం పెట్టేముందే, నెలకు చేతికి ఎంతొస్తుందో హెచ్‌ఆర్‌ను లెక్కగట్టి ఇవ్వమనాలి.