ఊపిరి కన్నా ముందు మాట

"ప్రభువైన యేసు క్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు." గ్రీసు, రష్యా వంటి దేశాల ఆర్థడాక్స్ క్రైస్తవులు పదే పదే చెప్పుకునే ఈ చిన్న ప్రార్థనను 'యేసు ప్రార్థన' అంటారు. యెరికో దారి పక్కన గుడ్డివాడు వేసిన కేక, దేవాలయంలో గుండెలు బాదుకున్న సుంకరి వేడుకోలు, రెండూ ఇందులో కలిసి ఉన్నాయి.

దీన్ని ఊపిరితో కలిపే పద్ధతి గురించి వినగానే చాలామందికి ఆసక్తి కలుగుతుంది. గాలి పీలుస్తూ 'దేవుని కుమారుడా' వరకు, వదులుతూ మిగతాది. 14వ శతాబ్దంలో సీనాయి గ్రెగరీ అనే సన్యాసి చిన్న పీట మీద తల వంచి కూర్చుని, ఊపిరిని నెమ్మదింపజేసుకోమని చెప్పాడు. అయితే కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టకూడదనే నా అభిప్రాయం.

1880ల్లో కజాన్‌లో అచ్చయిన ఒక రష్యన్ యాత్రికుడి కథ చూడండి. ఎడతెగక ప్రార్థించడం ఎలాగని అతను అడిగితే, గురువు చేతికి జపమాల ఇచ్చి, రోజుకు 3,000 సార్లు పెదవులతో పలకమన్నాడు. తర్వాత 6,000, ఆ తర్వాత 12,000. నిమిషానికి 15 ఊపిర్ల చొప్పున లెక్కేస్తే, 12,000కు 13 గంటలు దాటుతుంది. అంటే ఆ దశలో అతను ఊపిరిని పట్టుకుని కూర్చోలేదు. నోటికి మాటను అలవాటు చేశాడంతే. గుండె చప్పుడు, ఊపిరి ఆ తర్వాత వచ్చాయి.

ఆ అంకెలు మనకు కొలమానం కావు. ఉన్నితో అల్లిన నూరు ముడుల జపమాల ఒక్కసారి తిప్పితే చాలు. ఒక్కో ప్రార్థనకు ఆరు సెకన్లు పడితే పది నిమిషాలు. ముందు పైకి వినబడేలా, తర్వాత గుసగుసగా, ఆపైన మనసులో. ధ్యాస వంటింటికో అప్పుల లెక్కకో పోతే దానితో తగువు పడకుండా తర్వాతి ముడి దగ్గర మాట అందుకోవాలి. కళ్ల ముందు ఏ రూపాన్నీ ఊహించుకోకూడదు. ఇది ధ్వని మహిమ కోసం చేసే జపం కాదు, ఎదుట ఉన్నవాడిని పిలవడం.

కొన్నాళ్లకు శ్వాస దానంతటదే మాటల లయలోకి వస్తే రానివ్వాలి. దాన్ని బిగబట్టి లాగితే తల తిరుగుతుంది, ఛాతీ పట్టేస్తుంది. గుండెలో వెచ్చదనం కోసం ఎదురుచూస్తే ఇంకో చిక్కు. 19వ శతాబ్దపు రష్యన్ బిషప్ థియోఫాన్ ఆ వెచ్చదనం ఉత్త శరీరానిదే కావచ్చని హెచ్చరించాడు. గురువు లేకుండా శ్వాస పద్ధతుల జోలికి వెళ్లవద్దన్నాడు కూడా. వెలుగులు కనబడినా, తాను గొప్పవాణ్నన్న భావం మొలిచినా, 'కరుణించు' అన్న మాట అర్థం జారిపోయిందన్న గుర్తు. అప్పుడు ఊపిరిని వదిలేసి, మళ్లీ పెదవులతో, పైకి, నెమ్మదిగా మొదటి ముడి నుంచి చెప్పుకోవాలి.