ఎంతమందిని పిలిచారు, ఎంతమంది వచ్చారు?

స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలకు వచ్చే దరఖాస్తుల్లో ఇలాంటి వాక్యం తరచూ కనిపిస్తుంది: ‘సమాజ సేవపై మక్కువతో మూడేళ్లుగా రక్తదాన శిబిరాలు నిర్వహించి ఎందరి ప్రాణాలో కాపాడారు.’ అందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ చదివేవారికి ఆ మనిషి ఏం చేశారో అంతుపట్టదు. శిబిరం రోజున వచ్చి అరటిపళ్లు, జ్యూసు అందించినవారూ ఈ వాక్యం రాసుకోవచ్చు. నెల ముందు నుంచే ఫోన్లు చేసి ఒక్కో దాతనూ ఒప్పించినవారూ ఇదే రాసుకోవచ్చు. ఈ వాక్యంతో ఎక్కువ నష్టపోయేది రెండోవారే.

ఆ రెండో మనిషినే ఉదాహరణగా తీసుకుందాం. ఏలూరు లాంటి పట్టణంలో ఒక యువతి ఉందనుకుందాం. డిగ్రీ అయ్యాక ట్యూషన్లు చెప్పుకుంటూ, ఒక బ్లడ్ బ్యాంకు కోసం జీతం లేకుండా దాతల్ని సమన్వయం చేస్తోంది. ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థలో ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. ఆమె గురించి ఇక్కడ చెప్పే అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే. పని తీరు మాత్రం దాతల సమన్వయం చేసేవారందరికీ తెలిసినదే.

ఈ పనిలో కష్టం రక్తం స్వభావంలోనే ఉంది. సేకరించిన ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులకు మించి నిలవ ఉండవు. ప్లేట్‌లెట్లయితే దాదాపు అయిదు రోజులే. మరోవైపు, తీవ్రమైన తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. అంటే సరఫరా ఏడాది పొడవునా సమంగా ఉండాలి. వేసవి వచ్చేసరికి కాలేజీలకు సెలవులు ఇస్తారు, విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోతారు, ఎండకు భయపడి మిగతావారూ బయటికి రారు. అందుకే దాతల సమన్వయకర్త సత్తా మే నెల శిబిరంలో తేలుతుంది.

బయో రాయడానికి కూర్చున్నప్పుడు ఆమె చేతిలో సర్టిఫికెట్ ఒక్కటే ఉంది. కాలేజీ రోజుల్లో ఎన్ఎస్ఎస్‌లో చేరి రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేసినందుకు ఇచ్చినది. ఆమె హాజరైందని ఆ కాగితం చెబుతుంది. అక్కడ ఏ బాధ్యత మోసిందో చెప్పదు. అసలు రుజువులు ఆమె రుజువులనుకోని చోట్ల ఉన్నాయి: ఫోన్లు చేసేటప్పుడు టిక్కులు పెట్టుకున్న నోటుబుక్కులో, కార్యకర్తల వాట్సాప్ గ్రూపులో ‘నువ్వు ఈ పాతిక పేర్లకు చెయ్యి’ అంటూ పంచిన జాబితాల్లో, బ్లడ్ బ్యాంకు రిజిస్టరులో, టెంటుకూ మంచినీళ్లకూ అయిన ఖర్చుల చీటీల్లో.

వాటిని తేదీల వారీగా ఒక పట్టికలోకి ఎక్కించడం మొదటి పని. ఒక్కో శిబిరానికి నాలుగు గడులు చాలు. ఎంతమందికి ఫోన్ చేశారు, ఎంతమంది వస్తామన్నారు, ఎంతమంది వచ్చారు, ఎంతమంది నుంచి రక్తం తీసుకున్నారు.

చివరి రెండు గడుల మధ్య తేడా ఎందుకొస్తుందో బయట చాలామందికి తెలియదు. వచ్చిన ప్రతివారి నుంచీ రక్తం తీసుకోరు. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలి. ఒకసారి ఇచ్చాక మగవారు మూడు నెలలు, ఆడవారు నాలుగు నెలలు ఆగాలి. వీటిలో ఏది తప్పినా డాక్టరు తిప్పి పంపుతారు. ఆటో ఎక్కి, ఎండలో వచ్చి, ఇవ్వకుండానే వెనుదిరిగిన మనిషి మళ్లీ పిలిస్తే రావడం కష్టం.

మన ఉదాహరణలో మొదటి మే శిబిరానికి 140 మందికి ఫోన్ చేశారు. 72 మంది వస్తామన్నారు. వచ్చింది 38 మంది, రక్తం ఇచ్చింది 31 మంది. ఆ ఏడాది ఆమె పద్ధతి మార్చింది. ఫోన్‌లోనే బరువెంత, క్రితంసారి ఎప్పుడిచ్చారు అని అడగడం మొదలుపెట్టింది. అందరినీ పొద్దున తొమ్మిదికే రమ్మనకుండా గంటకు ఇంతమంది అని సమయాలు పంచింది. ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆ రోజు ఉదయం టిఫిన్ చేసి రమ్మంటూ మరోసారి గుర్తుచేసింది. మరుసటి మేలో 120 మందికి ఫోన్ చేస్తే 64 మంది ఒప్పుకున్నారు, 49 మంది వచ్చారు, 44 మంది రక్తమిచ్చారు.

వస్తామన్నవారిలో వచ్చినవారు 53 శాతం నుంచి 77 శాతానికి పెరిగారు. తిరిగి వెళ్లాల్సి వచ్చినవారు ఏడుగురి నుంచి అయిదుగురికి తగ్గారు. ‘ఎందరో ప్రాణాలు’ అన్న మాట చెప్పలేనిది ఈ అంకెలు చెబుతున్నాయి. ఆమె సమస్యను గమనించింది, కారణం వెతికింది, పద్ధతి మార్చింది, ఫలితాన్ని కొలిచింది. ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ నుంచి సంస్థ కోరేది ఇదే. మొదటి శిబిరం అంతంతమాత్రంగా జరిగిందన్న నిజం దాచకపోవడం వల్లే రెండో శిబిరం విలువ తెలిసింది.

ఇక్కడొక జాగ్రత్త ఉంది. మే శిబిరాన్ని జులై శిబిరంతో పోల్చితే ఇంకా ఘనమైన అంకె వస్తుంది. కాలేజీలు తెరిచాక దాతలు ఎటూ పెరుగుతారు కాబట్టి అది ఆమె పద్ధతి ఫలితం అనిపించుకోదు. రక్తదానం తెలిసినవారు ఇంటర్వ్యూలో ఉంటే ఈ సంగతి అరనిమిషంలో పట్టేస్తారు. మేను మేతోనే పోల్చాలి. అప్పుడు కూడా ‘నా పద్ధతి వల్లే పెరిగింది’ అనకుండా, ‘ఈ పద్ధతి మొదలుపెట్టాక ఇంత పెరిగింది’ అని రాయాలి. రెండే శిబిరాల లెక్కతో అంతకు మించి అనడానికి వీల్లేదు.

‘ఒక యూనిట్ మూడు ప్రాణాలు’ అన్న నినాదాన్ని కూడా బయోలోకి తేకూడదు. ఒక యూనిట్‌ను ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీసి వేర్వేరు రోగులకు వాడవచ్చన్నది నిజమే. కానీ ఏ యూనిట్ ఎవరికి వెళ్లిందో, వారికి ఏమైందో సమన్వయకర్తకు తెలియదు. ‘482 యూనిట్లు’ అంటే బ్లడ్ బ్యాంకు రిజిస్టరు తిప్పి చూసుకోవచ్చు. ‘1,446 ప్రాణాలు’ అంటే చూసుకోవడానికి ఏమీ లేదు.

తర్వాతి చిక్కు కాలం లెక్క. ఆమె మూడేళ్లు పనిచేసింది, వారానికి సుమారు ఆరు గంటలు. మొత్తం 936 గంటలు. వారానికి 48 గంటల ఉద్యోగంతో పోల్చితే ఇది నాలుగున్నర నెలల పని. ‘మూడేళ్ల అనుభవం’ అని మాత్రమే రాస్తే అడిగినవారి ముందు ఇబ్బంది పడాలి. ‘నాలుగున్నర నెలలు’ అంటే ఆమెకు అన్యాయం, ఎందుకంటే మూడు వేసవుల కరవును దగ్గరుండి చూసిన అనుభవం నాలుగు నెలల ఉద్యోగంలో రాదు. ‘మూడేళ్లు, వారానికి సుమారు 6 గంటలు, వేతనం లేకుండా’ అని మూడూ కలిపి రాస్తే సరిపోతుంది. పని చేస్తూ తోచిన పెద్ద హోదా తగిలించుకోవాల్సిన అవసరమూ ఉండదు. ‘మేనేజర్’ అని ఎవరూ నియమించనప్పుడు, నిజంగా చేసిన సమన్వయాన్ని ఆ పేరుతోనే చెప్పాలి.

ఇక ప్రకటనను పక్కన పెట్టుకుని చూడాలి. ఇలాంటి ఉద్యోగ ప్రకటనల్లో సాధారణంగా కార్యకర్తల సమీకరణ, సమాచార నిర్వహణ, నెలవారీ నివేదికలు, ఇతర సంస్థలతో సంబంధాలు అడుగుతారు. నివేదికల మీద అంత పట్టుదల ఊరికే రాలేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు తీసుకున్న సంస్థ, దేనికి వాడిందో కంపెనీకి లెక్క చెప్పాలి. కాబట్టి ప్రతి శిబిరం తర్వాత బ్లడ్ బ్యాంకుకు ఆమె పంపిన ఒక పేజీ వివరం చిన్నదేం కాదు. అది నివేదిక రాసిన అనుభవమే.

ఇవన్నీ పేర్చాక ఆమె బయో ఇలా తయారవుతుంది:

‘ఏలూరులో ఒక బ్లడ్ బ్యాంకుకు మూడేళ్లుగా, వారానికి సుమారు 6 గంటలు, వేతనం లేకుండా దాతల సమన్వయకర్తగా పనిచేస్తున్నారు. ఏడుగురు కార్యకర్తలకు ఫోన్ బాధ్యతలు పంచి 14 శిబిరాలకు దాతల్ని సమీకరించారు. బ్లడ్ బ్యాంకు రిజిస్టరు ప్రకారం ఆ శిబిరాల్లో 482 యూనిట్లు సేకరించారు. అర్హత వివరాలు ముందే అడగడం, రెండుసార్లు గుర్తుచేయడం మొదలుపెట్టాక, వరుసగా రెండు మే నెలల శిబిరాల్లో వస్తామన్నవారిలో హాజరైనవారు 53 శాతం నుంచి 77 శాతానికి పెరిగారు. రెండు డిగ్రీ కాలేజీలతో ముందస్తు అనుమతులు మాట్లాడారు. ప్రతి శిబిరానికీ ఒక పేజీ నివేదిక, చిల్లర ఖర్చుల లెక్క రాశారు. వివరాలు బ్లడ్ బ్యాంకు మెడికల్ ఆఫీసరు ధ్రువీకరిస్తారు.’

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. 482 యూనిట్లు ఆమె ఒక్కతే సేకరించిందనీ లేదు. రక్తం తీసింది టెక్నీషియన్లు, ఫోన్లు చేసింది ఎనిమిది మంది. పంచడం, పద్ధతి మార్చడం, కాలేజీలతో మాట్లాడటం ఆమె పని. బయో ఆ మూడింటినీ ఆమె పేరు మీద ఉంచి, మిగతాది ఎవరిదో వారికి వదిలేసింది.

మెడికల్ ఆఫీసరు ఇచ్చే లేఖ కూడా ఇదే తీరులో ఉండాలి. ‘మంచి నడవడిక, సేవాభావం కలవారు’ అని రాస్తే ఆ లేఖ ఎవరికైనా పనికొస్తుంది, ఈమెకు పనికిరాదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ బాధ్యత, ఎన్ని శిబిరాలు అన్నవి ఉండాలి. బయోలోని అంకెలూ లేఖలోని అంకెలూ ఒకటే కావాలి. అందుకే తన పట్టికను ముందుగా ఆయనకు చూపి, రిజిస్టరుతో సరిపోల్చుకుని, తేడాలుంటే సరిదిద్దుకున్నాకే లేఖ అడగడం మంచిది.

దరఖాస్తుకు జతచేయకూడనిది ఒకటుంది, దాతల జాబితా. ‘నా దగ్గర 600 మంది దాతల నంబర్లున్నాయి, వాటితో వస్తాను’ అనడం అర్హతలా అనిపించవచ్చు. ఆ పేర్లు, ఫోన్లు, రక్త గ్రూపులు దాతలు నమ్మి ఒక పని కోసం ఇచ్చినవి. వాటిని మరో సంస్థకు మోసుకెళ్లే మనిషి రేపు తమ వివరాలనూ అలాగే మోసుకెళతారని మంచి సంస్థ భయపడుతుంది. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, తలసీమియా పిల్లల ఫొటోలు కూడా అంతే. జాబితాను తాళం ఉన్న ఫైలులో ఉంచాననీ, కార్యకర్తలకు వారి వంతు పేర్లే ఇచ్చాననీ చెప్పగలిగితే, సమాచార నిర్వహణ తెలుసనడానికి అదే రుజువు.

ఆమె పనిలో లేనివీ ఉన్నాయి. చిల్లర ఖర్చులు రాసింది కానీ బడ్జెట్ తయారుచేయలేదు. కంపెనీ నిధులకు ప్రతిపాదన రాయలేదు. జీతం తీసుకునే సిబ్బందిని నడపలేదు, మాట వినకపోతే మానేయగల కార్యకర్తలనే నడిపింది. ప్రకటనలో ఇవి అడిగితే బయోలో పూడ్చడానికి ప్రయత్నించకుండా, ఇంటర్వ్యూలో ‘బడ్జెట్ పని చేయలేదు, శిబిరం ఖర్చుల లెక్క ఇదిగో’ అని పట్టిక ముందు పెట్టవచ్చు. అక్కడ కూర్చున్నవారు ఆ తర్వాత అడిగేది సాధారణంగా 72 మంది వస్తామని 38 మందే వచ్చిన శిబిరం గురించే. ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు, మర్నాడు వారికి ఫోన్ చేసి ఏమడిగారు అన్న ప్రశ్నలకు జవాబులు ఆ నోటుబుక్కులో టిక్కుల పక్కనే రాసి ఉంటాయి.