స్వెటర్ ముందు పైకి లేస్తోందా? ఏడు జతల మలుపులు చాలు

మొదటిసారి సొంతంగా అల్లుకున్న పులోవర్ వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఎదురుగా చూస్తే అంతా బాగానే ఉంది. పక్కకి తిరిగితే అసలు సంగతి తెలిసింది. వెనక అంచు నడుము కింద సరిగ్గా ఉంది. ముందు అంచు మాత్రం రెండంగుళాలు పైకి లేచి కూర్చుంది. ఆ రోజంతా దాన్ని కిందికి లాక్కోవడమే పని. సైజు తప్పిందేమో అనుకుని ఇంకో పులోవర్‌ని ఒక సైజు పెద్దది అల్లాను. ఈసారి భుజాలు జారాయి, మెడ వదులైంది. ముందు అంచు మాత్రం మళ్లీ పైకే!

తప్పు సైజులో లేదు, పొడవులో ఉంది. భుజం నుంచి ఛాతీ మీదుగా నడుముకి దిగే దారి, వీపు మీదుగా దిగే దారి కంటే పొడవు. ప్యాటర్న్‌లో మాత్రం చాలాసార్లు రెండు వైపులా ఒకే లెక్కన వరసలు ఉంటాయి. చాలని పొడవును ఛాతీ కింద నుంచి లాగేసుకుంటుంది. అంచు లేచేది అందుకే.

బ్లౌజ్ డాట్‌కి తిరగేసిన లెక్క

బ్లౌజ్‌కి టైలర్ డాట్ ఎలా వేస్తారో చూసే ఉంటారు. బట్ట ముందే కాస్త ఎక్కువ కత్తిరించి, పక్కన మిగిలినదాన్ని మడిచి కుట్టేస్తారు. అల్లికలో ఆ మడత అక్కర్లేదు. కావాల్సిన చోట మాత్రమే అదనపు వరసలు పుట్టించుకోవచ్చు. వరస చివరిదాకా వెళ్లకుండా మధ్యలోనే వెనక్కి తిరిగి అల్లితే దాన్నే షార్ట్ రో అంటారు. ఇలా చేస్తే ముందు భాగం మధ్యలో వరసలు పెరుగుతాయి. పక్కల్లో, వీపులో ఏమీ మారదు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. షార్ట్ రోలు పొడవునే పెంచుతాయి, వెడల్పును కాదు. ఛాతీ దగ్గర కుట్లు అడ్డంగా సాగిపోయి మధ్యలో సందులు కనిపిస్తున్నాయంటే, అక్కడ కావాల్సింది అదనపు కుట్లు. ఆ సమస్య డాట్‌తో తీరదు.

మెడ నుంచి కిందికి అల్లే పులోవర్‌లో ఈ పని చాలా తేలిక. బార్బరా వాకర్ 1972లో ‘నిటింగ్ ఫ్రమ్ ద టాప్’ పుస్తకంలో వివరించిన పద్ధతి ఇదే. దీని గొప్ప లాభం ఏంటంటే, అల్లుతూ అల్లుతూ వేసుకుని చూసుకోవచ్చు. డాట్ ఎక్కడ పెట్టాలో ఊహించక్కర్లేదు, ఒంటి మీదే గుర్తు పెట్టుకోవచ్చు.

ముందు టేపు, తర్వాత సూది

మెడ పక్కన భుజం మొదలయ్యే చోట టేపు పెట్టి, ఛాతీ ఎత్తైన చోటు మీదుగా నడుము దాకా కొలవండి. అదే చోటు నుంచి వీపు మీదుగా మళ్లీ కొలవండి. ముందు 47 సెంటీమీటర్లు, వెనక 40 వచ్చాయనుకుందాం. తేడా 7. అల్లిన బట్ట కొంత సాగుతుంది కాబట్టి మొత్తం పెట్టక్కర్లేదు. ఇందులో 2 తీసేసి 5 సెంటీమీటర్ల డాట్ వేద్దాం.

ఇప్పుడు ఉతికి ఆరబెట్టిన శాంపిల్ ముక్క చూడండి. 10 సెంటీమీటర్లకి 20 కుట్లు, 28 వరసలు ఉన్నాయనుకుందాం. 5 సెంటీమీటర్లంటే 14 వరసలు. ఒకసారి కుడి చివర, ఒకసారి ఎడమ చివర తిరిగితే రెండు వరసలు వస్తాయి. అంటే మనకి కావాల్సింది ఏడు జతల మలుపులు.

పులోవర్ చుట్టుకొలత 96 సెంటీమీటర్లు, అంటే 192 కుట్లు. అందులో ముందు భాగం 96. ఛాతీ ఎత్తైన రెండు చోట్ల మధ్య దూరం 20 సెంటీమీటర్లు, అంటే 40 కుట్లు. మిగిలిన 56ని రెండు పక్కలకి పంచితే చెరో 28. మన మలుపులన్నీ ఈ 28లోనే ఉండాలి. పక్క మార్కర్ దగ్గర 4 కుట్లు వదిలేద్దాం. మలుపుకీ మలుపుకీ మధ్య 3 కుట్లు పెడితే ఏడు మలుపులకి 18 కుట్లు పడతాయి. ఎత్తైన చోటుకి ఇవతల ఇంకా 6 కుట్లు, అంటే 3 సెంటీమీటర్లు మిగులుతాయి. ఆ ఖాళీ ఉండాల్సిందే.

ఇక అల్లుదాం

చంకల దగ్గర ముందూ వెనకా కలిపేశాక ఒకసారి వేసుకుని చూడండి. ఛాతీ ఎత్తైన చోటుకి 2.5 సెంటీమీటర్ల పైకి రాగానే డాట్ మొదలుపెట్టాలి. అప్పటికే ఆ చోటు దాటి ఉంటే చంక కింద రెండు వరసలు అల్లి మొదలుపెట్టేయండి.

ముందు భాగం మొదట్లో ఉన్న మార్కర్ నుంచి 74 కుట్లు నిట్ చేయండి. అవతలి మార్కర్‌కి ఇంకా 22 మిగిలి ఉంటాయి. అక్కడ అల్లిక తిప్పండి. ఊలు మీ వైపు ఉంచి, మొదటి కుట్టుని అల్లకుండా కుడి సూది మీదకి జార్చండి. ఊలుని సూది మీదుగా వెనక్కి గట్టిగా లాగండి. ఆ కుట్టు రెండు కాళ్లతో కనిపిస్తుంది. దీన్నే జంట కుట్టు అందాం. ఊలు మళ్లీ ముందుకి తెచ్చి, ఇవతలి మార్కర్‌కి 22 కుట్లు మిగిలేదాకా పర్ల్ చేయండి. తిప్పి, ఇక్కడా అలాగే జంట కుట్టు చేయండి. ఒక జత పూర్తయింది.

ఇక్కడి నుంచి ప్రతిసారీ ఒకటే పని. జంట కుట్టు దాకా అల్లండి, దాని రెండు కాళ్లనీ కలిపి ఒకే కుట్టుగా అల్లండి, ఇంకో 3 కుట్లు అల్లి తిప్పండి. రెండో చివరా అంతే. ఇలా ఇంకో ఆరు జతలు చేస్తే, రెండు మార్కర్ల దగ్గరా 4 కుట్లే మిగులుతాయి. ఆ తర్వాత మామూలుగా చుట్టూ అల్లుకుంటూ పోండి. చివరి రెండు జంట కుట్లు దారిలో తగిలినప్పుడు ఒక్కోదాన్నీ ఒకే కుట్టుగా అల్లేయండి. ఈ పద్ధతి పేరు జర్మన్ షార్ట్ రో. కుట్టుకి ఊలు చుట్టి, తర్వాత ఆ చుట్టుని వెతికి ఎత్తే పాత పద్ధతి కంటే దీనికి గుర్తు పెట్టుకోవాల్సింది తక్కువ.

ఎక్కడ తేడా కొడుతుంది?

ఎక్కువగా జరిగేది లెక్క తప్పడం. జంట కుట్టుకి రెండు కాళ్లు కనిపిస్తాయి కాబట్టి రెండుగా లెక్కపెట్టేస్తాం. అది ఎప్పుడూ ఒకటే. డాట్ అయ్యాక ముందు భాగంలో మళ్లీ 96 ఉండాలి. ఎక్కువుంటే ఎక్కడో ఒక జంట కుట్టు విడివిడిగా అల్లేశారన్నమాట.

మలుపుల దగ్గర వరసగా చిన్న చిల్లులు కనిపిస్తే ఊలు గట్టిగా లాగలేదని అర్థం. ఛాతీకి రెండు పక్కలా చెవుల్లా ఉబ్బితే మలుపులు మరీ దగ్గరగా పడ్డాయి, లేదా ఎత్తైన చోటు దాకా వెళ్లిపోయాయి.

డాట్ తర్వాత ఇంకో 5 సెంటీమీటర్లు అల్లి, కుట్లన్నీ వేరే దారం మీదకి ఎక్కించి వేసుకోండి. ఫోన్ టైమర్ పెట్టి పక్క నుంచి ఒక ఫోటో తీసుకోండి. కింది అంచు నేలకి సమానంగా ఉంటే లెక్క కుదిరినట్టే. ముందు వేలాడుతుంటే ఒకట్రెండు జతలు తగ్గించి మళ్లీ అల్లండి. ఇంకా లేస్తుంటే పెంచండి. ఊడదీయాల్సింది కొన్ని వరసలే కదా.

పూర్తయిన పులోవర్‌ని మంచం మీద పరిస్తే ముందు భాగం చదునుగా పడుకోదు, మధ్యలో ఉబ్బి కనిపిస్తుంది. కంగారుపడి ఊడదీయకండి. మీరు దాన్ని అల్లింది మంచం కోసం కాదు.