శుక్రవారం సాయంత్రం పంపే ఆ ఒక్క పేజీ

ఒక ఆస్పత్రి పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టుకుంటోందనుకుందాం. ఏప్రిల్ 1 నుంచి బిల్లులన్నీ కొత్తదాంట్లోనే రావాలి. పని చేసేది ఐటీ బృందం. డబ్బు పెట్టేది యాజమాన్యం. తేడా వస్తే రోగుల చేత మాటలు పడేది కౌంటర్లో కూర్చున్నవాళ్లు. వీళ్లందరికీ ప్రాజెక్టు మేనేజరు ప్రతి శుక్రవారం ఒక పేజీ పంపుతారు. పని ఎంతవరకు వచ్చింది, ఎక్కడ దెబ్బ తగలొచ్చు, ఎవరు ఏం తేల్చాలి అన్నవే అందులో ఉండాల్సినవి.

మార్చి 14న వచ్చిన పేజీలో ‘పాత రికార్డుల తరలింపు 90 శాతం పూర్తి’ అని ఉంది. కిందటి రెండు వారాలూ అదే మాట. నేనైతే ఇలాంటి వాక్యం కనిపించగానే ఆగిపోతాను. 90 దగ్గర మూడు వారాలు కదలకుండా ఉందంటే, మిగిలిన పది శాతం అసలు వేరే రకం పని అయివుంటుంది. ఇక్కడ జరిగిందీ అదే. 60,000 రికార్డుల్లో 54,000 ఎక్కాయి. మిగిలిన 6,000 మందికి ఫోన్ నంబరు లేదు. నంబరు లేనిదే కొత్త సాఫ్ట్‌వేర్ రికార్డు తీసుకోదు. ఎన్ని రోజులు ఆగినా అవి వాటంతటవి ఎక్కవు. శాతం బదులు ఈ లెక్కే రాసివుంటే చదివినవాళ్లకు మొదటి వారమే విషయం తెలిసేది.

పేజీ పైన మాత్రం ఆకుపచ్చ గుర్తు ఉంది. ఆకుపచ్చ అంటే అంతా సవ్యమే, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే గడువు తప్పేలా ఉంది. పైకి పచ్చగా ఉండి లోపల ఎర్రగా ఉన్న ఇలాంటి నివేదికను ఈ రంగంలో పుచ్చకాయ అంటారు. అందులో అబద్ధం ఉండనక్కర్లేదు. అసలు మాట ఎక్కడో అడుగున పడిపోతే చాలు.

అలా అడుగున పడ్డ మాట ఒకటి నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక పైకి లేస్తుండగా ఇంధన ట్యాంకు నుంచి నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక అంతరిక్షంలో ఉండగానే ఇంజినీర్లు నష్టాన్ని అంచనా వేసి నాసా అధికారులకు స్లైడ్లు చూపించారు. ఒక స్లైడు శీర్షిక చదివితే పరీక్షల ఫలితాలు భరోసా ఇస్తున్నట్టే ఉంటుంది. ఆ పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. రెక్కకు తగిలింది సుమారు 1,920 ఘనపు అంగుళాలని వాళ్ల అంచనా. అంటే 640 రెట్లు పెద్దది! ఆ పోలిక స్లైడు చిట్టచివరి వరుసలో ఉంది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నా, దర్యాప్తు బోర్డు ఆ స్లైడును ప్రత్యేకంగా తప్పుపట్టింది. అది చదివిన పై అధికారికి ప్రాణాల మీదకు వచ్చిన సంగతి తట్టకపోవచ్చని రాసింది.

మళ్లీ ఆస్పత్రి దగ్గరికి వద్దాం. ‘డేటాలో సమస్యలు రావచ్చు’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘6,000 మందికి ఫోన్ నంబర్లు లేవు. మార్చి 24కల్లా తేలకపోతే చివరి పరీక్షకు వారం దొరకదు, ఏప్రిల్ 1 తప్పుతుంది’ అని రాయాలి. కారణం, నష్టం, ఏ రోజుకు తెలిసిపోతుందన్నది, మూడూ అందులో ఉన్నాయి.

అన్నిటికన్నా బలహీనంగా రాసేది ‘తేల్చాల్సినవి’ అన్న భాగమే. ‘యాజమాన్యం సూచన కోసం చూస్తున్నాం’ అని రాసి ఊరుకుంటారు. యాజమాన్యంలో ఎవరు? ఎప్పటిలోగా? పేరు లేని ప్రశ్న తనదని ఎవరూ అనుకోరు. దాన్ని ఇలా రాయవచ్చు:

‘ఎండీ గారు మార్చి 18, మంగళవారం లోగా చెప్పాలి. ఒకటి, ఉత్తుత్తి నంబరుతో 6,000 రికార్డులూ ఎక్కించడం. ఒక్క రోజు పని, కానీ వాళ్లకు రిపోర్టుల మెసేజీలు వెళ్లవు. రెండు, కాగితం ఫైళ్లు తీసి నంబర్లు వెతకడం. ఇద్దరు కూర్చుంటే రోజుకు 300, అంటే 20 పనిదినాలు. ఏప్రిల్ 1 కుదరదు. మూడు, గత రెండేళ్లలో వచ్చిన 1,200 మందివి మాత్రమే వెతకడం. నాలుగు రోజులు చాలు. మా సలహా మూడోది. మంగళవారానికి జవాబు రాకపోతే ఏప్రిల్ 1 గడువును ఎరుపుగా చూపిస్తాం.’

ఎండీ గారు ఫోన్లోనే చదివి రెండు నిమిషాల్లో జవాబిచ్చేలా ఉంది కదా. ‘మా సలహా’ అన్న ముక్క రాయడానికి చాలామంది జంకుతారు, పెద్దవాళ్లకు మనం చెప్పడమేమిటని. కానీ ఫైళ్లు తెరిచి చూసింది వాళ్లు కాదు, మనం.

మార్చి 21 నాటి పేజీ ఆ జవాబుతోనే మొదలవుతుంది: ‘18న ఎండీ గారు మూడో మార్గం ఖాయం చేశారు. 1,200లో 900 నంబర్లు దొరికాయి. మిగతా 300 రేపటికి. పక్కన పెట్టిన 4,800 మందివి, రోగి మళ్లీ వచ్చిన రోజు కౌంటర్లో నంబరు అడిగి ఎక్కిస్తారు.’ పైన గుర్తు పసుపు.